మూడు చోట్ల సున్నా బై సున్నా, మూడు రకాల విచ్ఛిన్నతలు: ఒక ప్రశ్న, దాని జవాబుల పరిశీలన

డిగ్రీ గణిత విద్యార్థులకు అవధులు, అవిచ్ఛిన్నత పాఠం ముగిశాక ఏటా ఒక చిన్న పరీక్ష పెడుతుంటాను. ఒక ఏడాది ఆ పరీక్షలో ఒకే ఒక్క ప్రమేయాన్ని ఇచ్చి, అది ఏయే బిందువుల వద్ద విచ్ఛిన్నమో, ఒక్కో చోట ఆ విచ్ఛిన్నత ఏ రకమో చెప్పి, తొలగించగలిగిన చోట ప్రమేయాన్ని పునర్నిర్వచించి తొలగించమని అడిగాను. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు, వాటిలోని తప్పుల మూలాలు, తరువాతి రెండు క్లాసుల్లో మేము ఆ ప్రమేయాన్ని విడమరిచి చూసిన తీరు ఇక్కడ రాస్తున్నాను. ఇచ్చిన ప్రమేయం ఇది:

f(x) = |x − 1| (x² − x − 2) / (x⁴ − x³ − 3x² + x + 2)

దీన్ని కావాలనే ఇలా తయారు చేశాను. హారం సున్నా అయ్యే ప్రతి చోటా లవం కూడా సున్నా అవుతుంది. అంటే విచ్ఛిన్నత ఉన్న ప్రతి బిందువు వద్దా విలువ ప్రతిక్షేపిస్తే కనిపించేది 0/0 మాత్రమే. పాఠం చెప్పేటప్పుడు "0/0 వస్తే కారణాంకాలు కొట్టివేయండి, అవధి వస్తుంది" అని మేమే పదే పదే అంటాం. "హారం ఒక్కటే సున్నా అయితే అనంతం, రెండూ సున్నా అయితే తొలగించగలది" అనే సూత్రాన్ని విద్యార్థులు దాని నుంచి తమంతట తామే తయారు చేసుకుంటారు. ఆ సూత్రం తప్పు. 0/0 అనేది ప్రతిక్షేపణతో జవాబు దొరకలేదని చెబుతుందే తప్ప, ఆ బిందువుకు అటూ ఇటూ ప్రమేయం ఎలా ప్రవర్తిస్తోందో చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగేవి ఎడమ అవధి, కుడి అవధి మాత్రమే.

జవాబులకు వెళ్లేముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ప్రమేయం నిర్వచితం కాని బిందువు వద్ద దాన్ని "విచ్ఛిన్నం" అనవచ్చా అనే విషయంలో పుస్తకాలన్నీ ఒకేలా చెప్పవు. కఠినంగా చూస్తే అవిచ్ఛిన్నత అనేది ప్రదేశంలోని బిందువుల వద్ద మాత్రమే అడగదగిన ప్రశ్న. ఆ లెక్కన 1/x తన ప్రదేశమంతటా అవిచ్ఛిన్నమే, 0 వద్ద దాని గురించి మాట్లాడే ప్రసక్తే లేదు. కలనగణితం పాఠాల్లో మాత్రం ఒక బిందువుకు రెండు వైపులా ప్రమేయం నిర్వచితమై, ఆ బిందువు వద్ద అది నిర్వచితం కాకపోయినా, నిర్వచితమై ఉండి అవధికి సమానం కాకపోయినా విచ్ఛిన్నత అనే అంటాం. రకాలుగా విడదీయడం, పునర్నిర్వచించడం అనే ఈ రెండు పనులకూ ఆ రెండో వాడుకే అనువైనది కాబట్టి మా తరగతిలోనూ దాన్నే అనుసరించాం.

ఇప్పుడు జవాబులు. చాలామంది హారాన్ని సరిగానే కారణాంకాలుగా విడగొట్టారు. x = 1 వేస్తే గుణకాల మొత్తం సున్నా అవుతుంది కాబట్టి (x − 1) ఒక కారణాంకం. సింథటిక్ డివిజన్ చేస్తే x³ − 3x − 2 మిగులుతుంది. అందులో x = 2 వేస్తే 8 − 6 − 2 = 0. మరోసారి భాగిస్తే x² + 2x + 1, అంటే (x + 1)² మిగులుతుంది. లవంలోని x² − x − 2 అంటే (x − 2)(x + 1). కాబట్టి

f(x) = |x − 1| (x − 2)(x + 1) / [(x − 1)(x − 2)(x + 1)²]

విచ్ఛిన్నతకు అవకాశమున్న బిందువులు −1, 1, 2. ఇంతవరకు ఇబ్బంది లేదు. తేడాలన్నీ ఆ తరువాతే వచ్చాయి.

మొదటి రకం జవాబు: |x − 1| ను (x − 1) తో కొట్టివేసి f(x) = 1/(x + 1) అని రాయడం. అలా రాసినవారికి 1 వద్ద అవధి 1/2, 2 వద్ద అవధి 1/3 వచ్చాయి. రెండు చోట్లా తొలగించగల విచ్ఛిన్నత అని తేల్చేశారు. −1 వద్ద అనంత విచ్ఛిన్నత అని సరిగానే రాసినా, ఎడమ వైపు −∞, కుడి వైపు +∞ అని తారుమారు చేశారు. రెండో రకం జవాబు: "మూడు చోట్లా 0/0 కాబట్టి మూడూ తొలగించగలవే" అని ఏ కొట్టివేతా చేయకుండానే నిర్ణయించడం. మూడో రకం జవాబు రాసినవారు తక్కువ మందే అయినా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. వారు అవధులన్నీ సరిగా కనుక్కొని, చివర్లో "సూక్ష్మీకరించిన తరువాత f(2) = 1/3 కాబట్టి x = 2 వద్ద ప్రమేయం అవిచ్ఛిన్నమే, అక్కడ విచ్ఛిన్నత లేనే లేదు" అని రాశారు.

మొదటి తప్పును సరిదిద్దడం తేలిక. పరమ మూల్యం గుర్తు కనిపించగానే దాని లోపలి రాశి గుర్తు మారే చోట సంఖ్యారేఖను రెండు ముక్కలు చేయాలి. x > 1 అయినప్పుడు |x − 1| = x − 1, x < 1 అయినప్పుడు |x − 1| = −(x − 1). కాబట్టి

x > 1, x ≠ 2 అయితే f(x) = 1/(x + 1)
x < 1, x ≠ −1 అయితే f(x) = −1/(x + 1)

బోర్డు మీద ఇలా రాసిన వెంటనే ముందుకు పోకుండా, ఒక్కో ముక్క నుంచి ఒక సంఖ్య తీసుకొని అసలు సూత్రంలోనే వేసి సరిచూడమంటాను. x = 3 వద్ద లవం 2 × 4 = 8, హారం 81 − 27 − 27 + 3 + 2 = 32, కాబట్టి విలువ 1/4. కొత్త రూపంలో కూడా 1/(3 + 1) = 1/4. x = 0 వద్ద లవం 1 × (−2) = −2, హారం 2, విలువ −1. కొత్త రూపంలో −1/1 = −1. x = −2 వద్ద లవం 3 × 4 = 12, హారం 16 + 8 − 12 − 2 + 2 = 12, విలువ 1. కొత్త రూపంలో −1/(−1) = 1. పరమ మూల్యాన్ని ఊరికే కొట్టివేసినవారికి x = 0 వద్ద −1 బదులు +1 వస్తుంది. తప్పు అక్కడే పట్టుబడుతుంది. నిమిషం పట్టే ఈ సరిచూపును ఆ పరీక్షలో దాదాపు ఎవరూ చేయలేదు.

ఇక ఒక్కో బిందువు దగ్గరికి వెళదాం.

x = 2 కు చుట్టుపక్కల, అంటే 1 కంటే పెద్ద సంఖ్యల మధ్య, ప్రమేయం రెండు వైపులా 1/(x + 1) రూపంలోనే ఉంది. x = 1.99 వద్ద విలువ సుమారు 0.3344, x = 2.01 వద్ద 0.3322. ఎడమ అవధి 1/3, కుడి అవధి 1/3. రెండూ పరిమితం, రెండూ సమానం, కానీ f(2) నిర్వచితం కాదు. ఇదే తొలగించగల విచ్ఛిన్నత. గ్రాఫులో ఇది ఒక్క చుక్క తీసేసిన వక్రం. (2, 1/3) వద్ద చిన్న ఖాళీ వృత్తం గీస్తాం.

x = 1 వద్ద ఎడమ వైపు −1/(x + 1) రూపం, కుడి వైపు 1/(x + 1) రూపం. x = 0.99 వద్ద విలువ సుమారు −0.5025, x = 1.01 వద్ద 0.4975. ఎడమ అవధి −1/2, కుడి అవధి 1/2. రెండూ పరిమితమే, కానీ సమానం కావు. ఇది జంప్ విచ్ఛిన్నత, ఆ గెంతు పరిమాణం 1/2 − (−1/2) = 1.

x = −1 కు రెండు వైపులా వర్తించే రూపం −1/(x + 1). x = −1.01 వద్ద హారం −0.01, విలువ 100. x = −0.99 వద్ద హారం 0.01, విలువ −100. బిందువుకు దగ్గరయ్యే కొద్దీ ఎడమ వైపు విలువలు +∞ వైపు, కుడి వైపు విలువలు −∞ వైపు పోతాయి. ఇది అనంత విచ్ఛిన్నత, x = −1 అనే నిలువు గీత గ్రాఫుకు అనంతస్పర్శరేఖ.

ఇక్కడ ఒక అమ్మాయి లేచి, "సార్, −1 దగ్గర కూడా (x + 1) కొట్టివేశాం కదా, 2 దగ్గర కూడా (x − 2) కొట్టివేశాం. ఒకచోట అవధి వచ్చి ఇంకోచోట ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే రెండో రకం జవాబు రాసినవారందరి మనసులో ఉన్నదీ అదే. "కొట్టివేశామా లేదా అని కాదమ్మా, కొట్టివేశాక హారంలో ఏం మిగిలిందో చూడు" అన్నాను. (x − 2) లవంలో ఒకసారి, హారంలో ఒకసారి ఉంది, పూర్తిగా పోయింది. (x + 1) లవంలో ఒకసారి, హారంలో రెండుసార్లు ఉంది, ఒకటి పోయాక హారంలో ఇంకొకటి మిగిలింది. బహుపదుల నిష్పత్తిలో ఒక కారణాంకం లవంలో m సార్లు, హారంలో n సార్లు ఉన్నప్పుడు m ≥ n అయితే విచ్ఛిన్నత తొలగించగలది, m < n అయితే అనంతమైనది. రెండూ బహుపదులైనప్పుడు మూడో అవకాశం లేదు. రెండు బహుపదుల నిష్పత్తికి జంప్ విచ్ఛిన్నత రానే రాదు. మా ప్రమేయంలో జంప్ వచ్చిందంటే దానికి కారణం |x − 1|. అది బహుపది కాదు. బిందువుకు అటు ఒక రూపం, ఇటు ఒక రూపం ధరించే రాశి. దాన్ని (x − 1) తో భాగిస్తే ఒక వైపు +1, మరో వైపు −1 మిగులుతాయి. కారణాంకం పోయినట్టే ఉంటుంది కానీ గుర్తు పోదు. జంప్ విచ్ఛిన్నత వచ్చే చోట ఇలా రెండు వైపులకు రెండు రూపాలిచ్చే రాశి ఏదో ఒకటి సాధారణంగా ఉంటుంది: పరమ మూల్యం, [x] వంటి పూర్ణాంక భాగ ప్రమేయం, లేదా ముక్కలుగా ఇచ్చిన నిర్వచనం.

ఇక మూడో రకం జవాబు. "f(x) = 1/(x + 1) కాబట్టి f(2) = 1/3" అనే వాక్యంలో "కాబట్టి" అనే మాట నిలవదు. (x − 2) ను కొట్టివేయడమంటే లవహారాలను x − 2 తో భాగించడం. x − 2 సున్నా కానప్పుడే ఆ పని చేయగలం. కాబట్టి f(x) = 1/(x + 1) అనే సమానత్వం 1 కంటే పెద్దదైన x కు, అదీ x ≠ 2 అయినంతవరకే నిజం. x = 2 వద్ద కుడి వైపు రాశి విలువ 1/3, ఎడమ వైపు రాశికి విలువే లేదు. ఇవి రెండు వేర్వేరు ప్రమేయాలు. ఒకదాని ప్రదేశంలో 2 ఉంది, రెండోదాని ప్రదేశంలో లేదు. సూక్ష్మీకరణ అవధిని కనుక్కోవడానికి ఒక దారి మాత్రమే. అది అసలు ప్రమేయానికి కొత్త విలువను ఇవ్వదు. ఆ విలువను మనం ఇవ్వాలి, ఇచ్చినట్టు స్పష్టంగా రాయాలి. పునర్నిర్వచనం అంటే అదే.

కాబట్టి కొత్త ప్రమేయానికి కొత్త పేరు పెట్టమంటాను:

x ≠ 2 అయితే g(x) = f(x)
x = 2 అయితే g(2) = 1/3

g యొక్క ప్రదేశం −1, 1 మినహా వాస్తవ సంఖ్యలన్నీ. పేరు మార్చడం మొదట్లో విద్యార్థులకు అనవసరమైన పట్టింపుగా అనిపిస్తుంది. కానీ f అనే పేరునే కొనసాగిస్తే "f విచ్ఛిన్నమా, అవిచ్ఛిన్నమా" అనే ప్రశ్నకు ఒకే పేజీలో రెండు జవాబులు వస్తాయి. రాసినవారు కూడా చివరికి తికమకపడతారు.

g నిజంగానే 2 వద్ద అవిచ్ఛిన్నమని చూపడానికి ఎడమ, కుడి అవధులు g(2) కు సమానమని చెబితే చాలు. అయినా ఆ క్లాసులో దాన్ని ε, δ లతో కూడా చేశాం, ఎందుకంటే ఈ ప్రమేయంలో ఒక చిన్న జాగ్రత్త అక్కడే బయటపడుతుంది. x కు 1/(x + 1) రూపం వర్తించేటప్పుడు

|g(x) − 1/3| = |1/(x + 1) − 1/3| = |x − 2| / (3|x + 1|)

ఈ రూపం x > 1 అయినప్పుడే వర్తిస్తుంది. అందుకే ముందుగా |x − 2| < 1 అని తీసుకోవాలి. అప్పుడు x విలువ 1, 3 ల మధ్య ఉంటుంది, పరమ మూల్యం బెడద ఉండదు. దానితోపాటు x + 1 > 2 అని కూడా దొరుకుతుంది. కాబట్టి |g(x) − 1/3| < |x − 2|/6 (x = 2 వద్ద ఆ తేడా సున్నాయే). ఇచ్చిన ε కు δ గా 1, 6ε లలో చిన్నదాన్ని తీసుకుంటే పని పూర్తవుతుంది. ఉదాహరణకు ε = 0.01 అయితే δ = 0.06. ఆ అంతరంలో ఎడమ కొస 1.94 వద్ద 1/2.94 విలువ సుమారు 0.3401, 1/3 నుంచి దాని దూరం 0.0068, అంటే 0.01 లోపే. సాధారణంగా ఇలాంటి నిరూపణల్లో "δ ≤ 1 అనుకుందాం" అనే మాటను అలవాటుగా రాసేస్తాం. ఇక్కడ ఆ 1 కి ఒక పని ఉంది: పక్కనున్న 1 వద్ద జంప్ దాటి అవతలికి పోకుండా అది మనల్ని ఆపుతుంది.

x = 1 వద్ద ఏదైనా విలువ ఇచ్చి విచ్ఛిన్నతను తొలగించవచ్చా అనే ప్రశ్న మీద చర్చ చాలాసేపు నడిచింది. ఒకరు 1/2 ఇద్దామన్నారు, ఒకరు −1/2 ఇద్దామన్నారు, ఇంకొకరు రెంటికీ మధ్యలో 0 ఇస్తే న్యాయంగా ఉంటుందన్నారు. 1/2 ఇస్తే ప్రమేయం 1 వద్ద కుడి వైపు నుంచి అవిచ్ఛిన్నమవుతుంది, −1/2 ఇస్తే ఎడమ వైపు నుంచి అవిచ్ఛిన్నమవుతుంది, 0 ఇస్తే ఏ వైపు నుంచీ కాదు. ఏ విలువ k ఇచ్చినా రెండు వైపులా కుదరదని చూపడం సులభం: k నుంచి 1/2 కు, k నుంచి −1/2 కు ఉన్న దూరాల మొత్తం కనీసం 1, కాబట్టి వాటిలో ఒకటైనా కనీసం 1/2 ఉంటుంది. ఆ వైపున ప్రమేయపు విలువలు ఎంత దగ్గరికి వెళ్లినా k కు చేరువ కావు. మధ్య విలువ ఇవ్వడం కొన్ని చోట్ల ఉపయోగపడే మాట నిజమే. ఫూరియర్ శ్రేణి జంప్ ఉన్న చోట సాధారణంగా ఆ సగటుకే అభిసరిస్తుంది. కానీ అది అవిచ్ఛిన్నత కాదు.

−1 విషయంలో ఒక విద్యార్థి వేరే ఉపాయం చెప్పాడు. f(x) ను (x + 1) తో గుణిస్తే x < 1 అయినప్పుడు −1 వస్తుంది, అనంతం పోతుంది కదా అన్నాడు. లెక్క సరైనదే. కానీ పునర్నిర్వచనంలో ఒక్క బిందువు వద్ద విలువను మాత్రమే మారుస్తాం, మిగతా చోట్ల ప్రమేయం చెక్కుచెదరకూడదు. (x + 1) తో గుణిస్తే x = 0 మినహా, f నిర్వచితమైన ప్రతి చోటా విలువ మారిపోతుంది. x = 3 వద్ద 1/4 కాస్తా 1 అవుతుంది. అది మరో ప్రమేయం, మరమ్మతు చేసిన f కాదు. ఇక ఒక్క బిందువు వద్ద ఎంత పెద్ద విలువ ఇచ్చినా, దానికి చుట్టూ ప్రమేయం అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతూ పోతుంది కాబట్టి −1 వద్ద అవధి ఆ విలువ కావడం అసాధ్యం.

ఇదంతా కంప్యూటర్ ల్యాబులో కూడా ఒకసారి చూపించాను. పైథాన్‌లో ప్రమేయాన్ని ఇచ్చిన రూపంలోనే రాస్తే

```
def f(x):
    return abs(x-1)*(x**2-x-2)/(x**4-x**3-3*x**2+x+2)
```

`f(2)`, `f(1)`, `f(-1)` మూడింటికీ ఒకే జవాబు వస్తుంది: `ZeroDivisionError`. మూడు రకాల విచ్ఛిన్నతలు, ఒకే ఎర్రర్. రకం తెలియాలంటే బిందువుకు రెండు వైపులా విలువలు అడగాలి. అలా అడిగేటప్పుడు కూడా ఒక హద్దు ఉంది. ఒక కుర్రాడు ఉత్సాహంగా `f(2 + 1e-16)` అని అడిగితే మళ్లీ అదే ఎర్రర్ వచ్చింది. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను నిల్వ చేసే పద్ధతిలో 2 కు ఆ పైన వచ్చే సంఖ్య సుమారు 4.4 × 10⁻¹⁶ దూరంలో ఉంటుంది. 10⁻¹⁶ అందులో సగం కూడా కాదు కాబట్టి ఆ కూడిక ఫలితం 2 గానే మిగిలిపోతుంది. అంతకంటే కాస్త దూరంగా, 10⁻¹⁵ ప్రాంతంలో అడిగినా దగ్గరి సంఖ్యల తీసివేతల వల్ల అంకెలు కోల్పోయే ప్రమాదం ఉంది, వచ్చే భాగఫలాన్ని నమ్మలేం. 10⁻³, 10⁻⁴ దూరాల్లో విలువలు చూసి అంచనా వేసుకోవడం, ఆ తరువాత బీజగణితంతో నిర్ధారించుకోవడం మంచిది. ప్రోగ్రాములో g ను రాసేటప్పుడు కూడా `if x == 2` అని ఒక్క పంక్తి చేర్చి మిగతాది f కే వదిలేస్తే, 2 వద్ద విలువ సరిగానే ఉంటుంది కానీ 2 కు అతి దగ్గరలో పాత ఇబ్బంది అలాగే మిగులుతుంది. x > 1 అయితే `1/(x+1)` అని సూక్ష్మీకరించిన రూపాన్నే రాయడం మేలు. కాగితం మీద రెండూ ఒకే ప్రమేయం, కంప్యూటర్ లెక్కలో మాత్రం కాదు.

ఇక్కడ ఈ మూడు రకాల హద్దుల గురించి కూడా చెప్పాలి. ఎడమ, కుడి అవధులు రెండూ పరిమితమై సమానమైతే తొలగించగలది, పరిమితమై అసమానమైతే జంప్, ఏ ఒక్క వైపైనా ప్రమేయం +∞ కో −∞ కో పోతే అనంతమైనది. ఈ మూడో వాక్యంలో "ఏ ఒక్క వైపైనా" అనే మాటను విద్యార్థులు తరచుగా మరిచిపోతారు. e^(1/x) ను 0 వద్ద చూస్తే ఎడమ అవధి 0, కుడి వైపు +∞. ఒక వైపు పరిమితం, మరో వైపు వేరు కాబట్టి జంప్ అనేస్తారు. జంప్ అనాలంటే రెండు వైపులా పరిమిత అవధి ఉండాలి కాబట్టి అది అనంత విచ్ఛిన్నతే. ఇక sin(1/x) కు 0 వద్ద ఈ మూడు పేర్లలో ఏదీ వర్తించదు. విలువలు −1, 1 ల మధ్యే ఉంటాయి, అనంతానికి పోవు, కానీ 0 కు ఎంత దగ్గరైనా ఆ రెండింటి మధ్యా ఊగుతూనే ఉంటాయి కాబట్టి ఏ వైపూ అవధి లేదు. దాన్ని డోలన విచ్ఛిన్నత అంటాం. విశ్లేషణ పుస్తకాల్లో మొదటి రెండు రకాలను కలిపి మొదటి తరహా విచ్ఛిన్నతలని, మిగిలినవన్నీ రెండో తరహావని వర్గీకరించడం కనిపిస్తుంది. ఆ విభజనకు ఆధారం ఒక్కటే, రెండు వైపులా పరిమిత అవధులు ఉన్నాయా లేవా అన్నది.

తొలగించగల విచ్ఛిన్నతకు బిందువు వద్ద ప్రమేయం నిర్వచితం కాకపోవడం తప్పనిసరి కాదని కూడా ఆ క్లాసులోనే చెప్పాను. ప్రశ్నపత్రంలో f(2) = 5 అని ఇచ్చి ఉంటే 2 వద్ద విలువ ఉండేది, అవధి 1/3 గానే ఉండేది, విచ్ఛిన్నత తొలగించగలదిగానే ఉండేది. అప్పుడు చేయాల్సిన పని 5 ను తీసి 1/3 పెట్టడం. ఇంటర్మీడియట్‌లో అందరూ చేసిన "k విలువ ఎంతైతే ప్రమేయం అవిచ్ఛిన్నం?" అనే లెక్కలు సరిగ్గా ఈ పనే. అక్కడ పునర్నిర్వచనం అనే పేరు లేదు, అంతే తేడా.

వారం తరువాత అదే ప్రమేయాన్ని కొద్దిగా మార్చి మళ్లీ ఇచ్చాను. లవాన్ని మరో (x − 1) తో గుణించాను:

h(x) = (x − 1)|x − 1| (x² − x − 2) / (x⁴ − x³ − 3x² + x + 2)

ప్రశ్నలో మారింది ఒక్క కారణాంకమే కాబట్టి పాత జవాబునే ఎక్కించేస్తారేమోనని చూశాను. కొందరు అలాగే చేశారు. ముందు ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం మొదట x > 1 అయితే (x − 1)/(x + 1), x < 1 అయితే −(x − 1)/(x + 1) అని రెండు ముక్కలు రాసుకొని, x = 0, x = 3 వద్ద అసలు సూత్రంతో సరిచూసుకొని, ఆ తరువాతే బిందువుల దగ్గరికి వెళ్లింది. 2 వద్ద రెండు అవధులూ 1/3, తొలగించగలది. 1 వద్ద రెండు వైపులా అవధి 0, కాబట్టి పాత జంప్ ఇప్పుడు తొలగించగలదైంది, h(1) = 0 అని ఇస్తే సరిపోతుంది. −1 వద్ద "అనంత విచ్ఛిన్నత" అని రాసి, దాని కింద, −1 కు దగ్గరగా −(x − 1) విలువ 2 కు చేరువగా ఉంటుంది కాబట్టి ఈసారి ఎడమ వైపు −∞, కుడి వైపు +∞, పోయినసారికి ఇది తిరగబడింది అని ఒక పంక్తి చేర్చింది.